అయిదు మార్కులు కలిపితే పాసయ్యేది ఎందరు?

లక్ష మంది విద్యార్థుల మార్కులు హాల్‌టికెట్ నంబర్ల వరుసలో కంప్యూటర్‌లో ఉన్నాయనుకుందాం. దానికి రెండు రకాల పనులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అందరికీ అయిదేసి మార్కులు కలపమనేది మొదటిది. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా 35, అంతకు మించి వచ్చినవాళ్లు ఎందరో చెప్పమనేది రెండోది. ఇంకోసారి 35 బదులు 60 అని అడగొచ్చు. వరుసలో ఒక భాగం గురించి అడిగే ఇలాంటి ప్రశ్నల్నే రేంజ్ క్వెరీలంటారు. ప్రతిసారీ ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోతే, ఇలాంటి పనులు లక్ష వచ్చేసరికి వెయ్యి కోట్ల అడుగులు పడతాయి. అంతసేపు ఎవరూ ఆగరు.

ప్రోగ్రామింగ్ పోటీలకు తయారయ్యే కుర్రాళ్లను అడిగితే వెంటనే సెగ్మెంట్ ట్రీ అంటారు. వరుసను రెండు సగాలు చేసి, ఆ సగాలను మళ్లీ సగాలు చేసుకుంటూ పోయి, ప్రతి ముక్క జవాబునూ ముందే రాసిపెట్టుకునే చెట్టు అది. లక్ష మందికి పదిహేడు మెట్లు దిగితే చాలు. మార్కుల మొత్తం ఎంత అన్నదే ప్రశ్న అయితే దీన్ని మించింది లేదు. ఎడమ సగం మొత్తాన్నీ కుడి సగం మొత్తాన్నీ కూడితే పై ముక్క మొత్తం వచ్చేస్తుంది. ఒక ముక్కలో అందరికీ అయిదు కలపాలంటే లోపలికి దిగనక్కర్లేదు. మొత్తానికి తలకు అయిదు చొప్పున చేర్చి, కింది ముక్కలకు ఈ అయిదు బాకీ ఉందని పక్కన రాసుకుంటే సరిపోతుంది.

మన ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. ఒక ముక్కలో నలుగురున్నారు, ఇద్దరు పాసయ్యారు అని రాసి ఉంది. నలుగురికీ అయిదు కలిపాం. ఇప్పుడు ఎందరు పాసయినట్టు? ఆ రెండు అనే అంకెను ఎంతసేపు చూసినా తేలదు. తప్పినవాళ్లు ఎన్ని మార్కుల్లో తప్పారో తెలియాలి.

అలాంటప్పుడు ప్రతి ముక్కలోనూ మార్కులను చిన్న నుంచి పెద్దకు పేర్చి ఉంచవచ్చు కదా అనిపిస్తుంది. ముక్క మొత్తానికి అయిదు కలిపితే ఆ క్రమం చెదరదు, నిజమే. కానీ కలిపే హద్దు ముక్క మధ్యలో పడితే చెదురుతుంది. చెట్టు పైకొమ్మలో లక్ష మంది జాబితా ఉంటుంది. కొందరికే మార్కులు కలిపినప్పుడల్లా ఆ జాబితాను మళ్లీ పేర్చాలి. దాని కింద యాభై వేల జాబితాలనూ, వాటి కింద పాతిక వేల జాబితాలనూ అలాగే సరిచేయాలి. ఒక్క పనికే లక్ష దాటి అంకెలు కదులుతాయి. పదిహేడు మెట్ల లాభం అక్కడే పోతుంది.

స్క్వేర్ రూట్ డీకంపోజిషన్ ఈ చిక్కును చెట్టు లేకుండానే దాటుతుంది. వరుసను సమానమైన బ్లాకులుగా కోస్తారు. లక్షకు వర్గమూలం సుమారు 316 కాబట్టి, బ్లాకుకు 316 మంది చొప్పున దాదాపు 317 బ్లాకులు వస్తాయి. ఒక్కో బ్లాకుకు మూడు విషయాలు ఉంచుకుంటాం: అసలు వరుసలో మార్కులు, అవే మార్కుల పేర్చిన నకలు, బ్లాకు అంతటికీ కలపాల్సిన బాకీ.

పదహారు మందితో చేసి చూద్దాం. నలుగురికో బ్లాకు. మార్కులు ఇవి:

```
బ్లాకు 1: 28 41 33 52
బ్లాకు 2: 30 36 19 47
బ్లాకు 3: 34 61 25 38
బ్లాకు 4: 44 31 35 29
```

3 నుంచి 13 దాకా అయిదు కలపమన్నారు. మొదటి బ్లాకులో చివరి ఇద్దరే వస్తారు కాబట్టి వాళ్లవి విడిగా మార్చాలి: 33 కాస్తా 38, 52 కాస్తా 57. ఆ బ్లాకు నకలును మళ్లీ పేర్చాలి. రెండు, మూడు బ్లాకులు పూర్తిగా లోపలే ఉన్నాయి. వాటి మార్కులను ముట్టుకోకుండా బాకీ 5 అని రాస్తాం. నాలుగో బ్లాకులో మొదటివారి 44 మాత్రం 49 అవుతుంది, ఆ నకలునూ పేర్చాలి.

ఇప్పుడు 2 నుంచి 12 దాకా పాసయినవాళ్లు ఎందరు? మొదటి బ్లాకులో 41, 38, 57 చూస్తే ముగ్గురు. రెండో బ్లాకు పేర్చిన నకలు 19, 30, 36, 47. దీనికి అయిదు బాకీ ఉంది కాబట్టి 35 బదులు 30 కోసం వెతకాలి. ముగ్గురు దొరికారు. మూడో బ్లాకు నకలు 25, 34, 38, 61లోనూ ముగ్గురే. మొత్తం తొమ్మిది మంది. మార్కులు కలపకముందు ఇదే ప్రశ్నకు జవాబు ఆరు.

పేర్చి ఉంది కాబట్టి బ్లాకు లోపల బైనరీ సెర్చ్ చేయొచ్చు. 316 మందిలో తొమ్మిది పోలికలు దాటవు. ఎంత పెద్ద రేంజ్ అడిగినా మధ్య బ్లాకులకు మూడు వేల లోపు పోలికలు, రెండు అంచులకు ఆరు వందల పైచిలుకు. మార్కులు కలిపేటప్పుడు మళ్లీ పేర్చాల్సింది కూడా ఆ రెండు అంచు బ్లాకులనే. పెద్ద జాబితా అంటూ లేదు, అందుకే హద్దు ఎక్కడ పడినా నష్టం పరిమితం. ఆ చెట్టులోనే పెద్ద జాబితాలన్నీ తీసేసి చిన్న ముక్కలవే మిగిల్చితే, చేతికి వచ్చేది దాదాపు ఈ బ్లాకులే.

316 అనే అంకెను శాసనంగా తీసుకోనక్కర్లేదు. ప్రశ్నకు ప్రతి బ్లాకులోనూ తొమ్మిదేసి పోలికలు కావాలి, అంచుల్లో మనిషికి ఒకటే. అందుకని ప్రశ్నలు ఎక్కువగా ఉంటే బ్లాకును కొంచెం పెంచి, ఆరు వందల దగ్గర పెట్టి చూడటం మంచిది. మార్కులు కలపడమే ఎక్కువైతే చిన్న బ్లాకులు నయం, పేర్చే పని తగ్గుతుంది.

బ్లాకులు గెలిచే చోటు ఇంకొకటి ఉంది. మార్పులు కోట్లలో, ప్రశ్నలు లక్షల్లో ఉన్నప్పుడు. మోస్ అల్గారిథంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. లక్ష అంశాలు, లక్ష ప్రశ్నలకు మార్పులు మూడు కోట్ల పైమాటే. ఒక అంకెను మార్చి దాని బ్లాకు మొత్తాన్ని సవరించడానికి రెండే అడుగులు. చెట్టులో ప్రతి మార్పుకూ పదిహేడు మెట్లు ఎక్కాలి, అంటే యాభై కోట్ల అడుగులు దాటుతాయి. బ్లాకులతో అయితే మార్పులకూ ప్రశ్నలకూ కలిపి పదమూడు కోట్ల లోపు.

మొత్తం, కనిష్ఠం, గరిష్ఠం లాంటి ప్రశ్నలకు మాత్రం, మార్పులూ ప్రశ్నలూ సమానంగా వస్తున్నప్పుడు సెగ్మెంట్ ట్రీని వదలొద్దు. రెండు సగాల జవాబులు కలిపితే పూర్తి జవాబు రావడం, ఆ జవాబుకే మార్పు నేరుగా పట్టడం, ఈ రెండూ కుదిరిన చోట బ్లాకులు వెనకబడతాయి.

మన లెక్కకు ప్రశ్న భాగం ఇంతే, స్థానాలు సున్నా నుంచి:

```cpp
int howMany(int l, int r, int x) {
  int c = 0;
  while (l <= r) {
    int b = l / B;
    if (l % B == 0 && l + B - 1 <= r) {
      c += s[b].end() -
           lower_bound(s[b].begin(), s[b].end(), x - due[b]);
      l += B;
    } else {
      if (a[l] + due[b] >= x) c++;
      l++;
    }
  }
  return c;
}
```

ఎడమ అంచు, మధ్య, కుడి అంచు అని మూడు విడి లూపులు రాసేవాళ్లకు ఒక తప్పు తరచూ దొర్లుతుంది. రెండు చివరలూ ఒకే బ్లాకులో పడినప్పుడు కొందరిని రెండుసార్లు లెక్కపెడతారు. రేంజ్‌లో ఉన్నవాళ్ల కంటే జవాబు ఎక్కువ వస్తే అదేనని అనుమానించండి. ఇంకో తప్పు, అంచుల్లో మార్కు చూసేటప్పుడు బ్లాకు బాకీని కలపకపోవడం. అప్పుడు ఒక బ్లాకు పూర్తిగా వచ్చిన ప్రశ్నలకు జవాబు సరిగ్గానే ఉంటుంది, సగం వచ్చినవాటికే తగ్గుతుంది. ఈ రెండూ పెద్ద పరీక్షల్లో సులువుగా కనబడవు. పది మందితో, మూడేసి బ్లాకులతో, యాదృచ్ఛిక మార్కులతో వేలసార్లు నడిపించి, ఒక్కొక్కరినీ లెక్కపెట్టే మామూలు ప్రోగ్రాం జవాబుతో పోల్చండి. పదికి మూడు సరిగ్గా భాగించదు కాబట్టి చివరి బ్లాకులో ఒక్కరే మిగులుతారు, ఆ హద్దు దగ్గరి తప్పులు కూడా బయటపడతాయి.