మధ్య గోడ తీసేయొచ్చా?

ప్రశ్న: మాది 1985లో కట్టిన డాబా ఇల్లు. హాలుకీ పక్క గదికీ మధ్య ఉన్న గోడ తీసేసి ఒకే పెద్ద హాలు చేద్దామనుకుంటున్నాం. తీయొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు స్లాబ్ బరువు ఎటు దిగుతోందో చూడాలి. పిల్లర్ల ఇంట్లో అది బీముల మీదకి, బీముల నుంచి పిల్లర్లలోకి, అక్కణ్ణుంచి పునాదిలోకి దిగుతుంది. గోడలు మధ్య ఖాళీని నింపుతాయంతే. లోడ్ బేరింగ్ ఇంట్లో స్లాబ్ నేరుగా గోడల మీదే కూర్చుంటుంది. వరండాలో మాత్రం పిల్లర్లు పెట్టి, లోపలంతా గోడల మీద నడిపిన ఇళ్లూ ఉన్నాయి. కాబట్టి ముందు రెండు పిల్లర్లు కనబడగానే నిశ్చింత పడకండి.

తొమ్మిదంగుళాల గోడైతే మోస్తుందని, నాలుగున్నర అంగుళాలదైతే మోయదని చాలామంది అంటారు. అది అనుమానానికే పనికొస్తుంది. పిల్లర్ల ఇంట్లో తొమ్మిదంగుళాల బయటి గోడ కూడా స్లాబును మోయకపోవచ్చు.

గోడ స్లాబును తాకే చోట జానెడు మేర ప్లాస్టరింగ్ కొట్టించి చూడండి. కాంక్రీటు ఇటుకలను కరుచుకుని ఉంటే, స్లాబును ఆ గోడ మీదే పోశారన్నమాట. అది మోసే గోడ. అలా కాక, పై వరస ఇటుకకీ స్లాబుకీ మధ్య సందును సిమెంటుతో కూరి, స్లాబ్ అడుగున సెంట్రింగ్ పలకల అచ్చు గోడ మీదుగా అవతలికి సాగితే, అది తర్వాత కట్టిన అడ్డుగోడ. అప్పుడు కూడా మేడ మీద దాని నెత్తిన ఇంకో గోడ ఉందా, ఏదైనా బీము కొస దాని మీద ఆనిందా చూడాలి.

మోసే గోడ తీస్తే ఏమవుతుంది? ఒక్కో గది 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు అనుకుందాం. అయిదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకు సుమారు 30 కిలోలు తూగుతుంది. రెండు వైపులా సగం సగం లెక్కేస్తే ఆ గోడ మీద పడేది 160 చదరపు అడుగులు, అంటే స్లాబ్ బరువే 4,800 కిలోలు. పైగా ఆ గోడ మీద ముఖ్యమైన చువ్వలు స్లాబ్ పైభాగంలో ఉంటాయి. గోడ తీయగానే అదే చోట స్లాబ్ కిందికి వంగుతుంది, అప్పుడు చువ్వలు కావాల్సింది అడుగున. అక్కడ చాలినన్ని ఉండవు. ఆ రోజే కూలకపోవచ్చు. కొన్నాళ్లకి గోడ ఉన్న గీత వెంబడే అడుగున బీట కనిపిస్తుంది.

అయినా పెద్ద హాలే కావాలంటే, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించి, గోడకి రెండు వైపులా జాకీలు బిగించాక, గోడ స్థానంలో ఇనుప గర్డరు ఎక్కించాలి. దాని కొసల కింద పునాది ఆ బరువు ఆపగలదో లేదో కూడా ముందే చూడాలి. గర్డరు మీద స్లాబ్ సందు లేకుండా ఆనేదాకా జాకీలు తీయకూడదు.