కొత్త మేనేజర్ తొలి పలుకు

బాధ్యతలు తీసుకున్న మొదటిరోజు కొత్త మేనేజర్ సిబ్బంది ముందు నిలబడి చేసుకునే పరిచయం మూడు నిమిషాలకు మించనక్కర్లేదు. ఆ కాసేపట్లో వినేవాళ్లు తేల్చుకోవాలని చూసేవి రెండు సంగతులు. ఈ మనిషి మన మంచీచెడూ చూస్తాడా అన్నది ఒకటి, పని నడిపించే సత్తా ఉందా అన్నది రెండోది. కొత్త వ్యక్తిని చూడగానే మనుషులు ముఖ్యంగా ఈ రెండు కొలతలతోనే అంచనా వేస్తారని సుసాన్ ఫిస్క్, ఆమె సహ పరిశోధకులు 2002లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెబుతుంది. వీటిలో ముందు చూసేది ఆత్మీయతనే. ఎదుటివాడి ఉద్దేశం మంచిదో కాదో తెలియకపోతే అతని సామర్థ్యం భరోసా ఇవ్వదు, భయపెడుతుంది. అందుకే మొదటిరోజు మాటల్లో ఆత్మీయత, అధికారం రెండూ వినిపించాలి.

రెండూ వినిపించాలన్న తాపత్రయంలో చాలామంది ఒక మెత్తటి మాట, ఒక గట్టి మాట పక్కపక్కన పెడతారు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని మొదలుపెట్టి ‘క్రమశిక్షణ విషయంలో మాత్రం రాజీ లేదు’ అని ముగిస్తారు. వినేవాళ్లకు ఈ రెండు మాటల వల్లా తెలిసేదేమీ లేదు. కుటుంబం అన్నంత మాత్రాన రేపు సెలవు దొరుకుతుందో లేదో తెలియదు. క్రమశిక్షణ అంటే ఉదయం వేళకు రావడమో, కాగితాలు సరిగా ఉంచడమో, ఎదురు మాట్లాడకపోవడమో తెలియదు. తమ పని గురించి నిర్దిష్టంగా తెలుసుకుని వచ్చాడని కనిపిస్తే ఆత్మీయత అర్థమవుతుంది. ఏది మారుతుందో, ఏది మారదో, ఏది తన చేతిలో లేదో స్పష్టంగా చెబితే అధికారం అర్థమవుతుంది. రెంటికీ ఆధారం వివరమే.

ముందుగా తెలుసుకోవలసినవి

ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖను ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి శాఖల్లో మేనేజర్లు కొన్నేళ్లకోసారి బదిలీ అవుతుంటారు కాబట్టి, కొత్త మేనేజర్ పరిచయం సిబ్బందికి అలవాటైన తంతే. ఈ ఊహా శాఖలో పనిచేసేవారు తొమ్మిదిమంది: ఒక అకౌంటెంట్, ఒక ఫీల్డ్ ఆఫీసర్, నలుగురు క్లర్కులు, ఒక అటెండర్, ఒక సెక్యూరిటీ గార్డు, ఊడ్చి శుభ్రం చేసే ఒక మహిళ. కొత్తగా వచ్చిన మేనేజర్ క్లర్కుగా చేరి పైకొచ్చిన ఆఫీసర్. అకౌంటెంట్ ఆమెకంటే వయసులో పదేళ్లు పెద్ద. నెల జూన్. పంట రుణాల రెన్యువల్ కోసం రైతులు వరస కట్టే రోజులు.

మాట్లాడే ముందు ఆమె పాత మేనేజర్‌ను నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి. అందరి పేర్లు, ఎవరు ఏ సీటులో ఉన్నారు, ఈ మధ్య శాఖ బాగా చేసిన పని ఏమిటి, ఇప్పుడు అందరినీ ఇబ్బంది పెడుతున్నది ఏమిటి. ఎవరు మంచివారు, ఎవరు పని ఎగ్గొడతారు అన్న అభిప్రాయాలు ఆ రోజుకు అనవసరం. అవి మనసులో పెట్టుకుని మాట్లాడితే చూపులోనే బయటపడతాయి.

సమయం, చోటు కూడా మాట్లాడతాయి. కౌంటర్ తెరవడానికి పావుగంట ముందు హాల్లో అందరూ నిలబడి ఉండగా మాట్లాడితే సరిపోతుంది. క్యాబిన్‌లోకి పిలిపించి తాను కూర్చుని మిగతావారిని నిలబెడితే, నోట ఎంత స్నేహంగా మాట్లాడినా ఆ ఏర్పాటు మరోటి చెబుతుంది. గార్డునూ, ఊడ్చే మహిళనూ పిలవకపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వాళ్లను పిలిచారా లేదా అన్నది మిగతావాళ్లు కూడా గమనిస్తారు. అటెండర్‌తో సహా అందరినీ ‘మీరు’ అనడం, పెద్దవాళ్ల పేరు చివర ‘గారు’ చేర్చడం మొదటి నిమిషం నుంచే ఉండాలి. ఒకరిని ‘మీరు’ అని, పక్కనున్నవారిని ‘నువ్వు’ అని పిలిస్తే ఆ తేడా అక్కడున్న అందరికీ గుర్తుండిపోతుంది.

పరిచయం ఎలా ఉండవచ్చు

అకౌంటెంట్ రెండు మాటల్లో పరిచయం చేశాక ఆమె ఇలా మాట్లాడవచ్చు:

“అందరికీ నమస్కారం. ఈ బ్యాంకులో క్లర్కుగా చేరాను. నాలుగేళ్లు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాను. ఆఫీసర్‌నయ్యాక ఎక్కువగా వ్యవసాయ రుణాలే చూశాను. ఈ ఊరు నాకు కొత్త, ఇక్కడి రైతుల గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు.

“ఈ నెలంతా రెన్యువల్స్ రద్దీ ఉంటుందని మేనేజర్ గారు చెప్పారు. పోయిన ఏడాది ఇదే రద్దీలో కూడా ప్రతి సాయంత్రం క్యాష్ సరిగ్గా టాలీ అయిందనీ చెప్పారు. క్యాష్‌లో పనిచేసినదాన్ని కాబట్టి అదెంత కష్టమో నాకు తెలుసు.

“జూన్ నెలాఖరు దాకా ఎవరి సీటూ మార్చను. ఈ వారంలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. ఆ తర్వాత ఏదైనా మార్చాల్సి వస్తే ఎందుకో ముందుగా చెప్పే మారుస్తాను.

“ఒక్క విషయం మాత్రం ఈ రోజు నుంచే. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. కౌంటర్ ముందు ఎంత వరస ఉన్నా ఒకరి ఐడీలో మరొకరు పనిచేయవద్దు. రేపు ఏదైనా తేడా వస్తే ఐడీ ఎవరిదో వాళ్లే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీలో ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు. నేను పనిచేసిన ప్రతి శాఖలోనూ ఇదే చెప్పాను. ఈ నియమం నాకూ వర్తిస్తుంది.

“పని ఒత్తిడిలో పొరపాటు జరగడం సహజం. ఆ సాయంత్రంలోపు నాకు చెప్పండి, ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. దాచిపెడితే మాత్రం నేను మీ తరఫున మాట్లాడలేను. సెలవు కావాలంటే ముందురోజు చెప్పండి, అత్యవసరమైతే ఫోన్ చాలు. బదిలీలు నా చేతిలో లేవు. మీ అర్జీ పంపడం, పైవాళ్లకు గుర్తుచేయడం నేను చేయగలను. ఇక కౌంటర్ తెరుద్దాం.”

ఏ మాట ఏం చేస్తుంది

మొదటి పేరాలో తన గురించి చెప్పినవన్నీ సిబ్బంది పనితో ముడిపడినవే. క్యాష్ కౌంటర్ అనుభవం చెప్పడం గొప్ప కోసం కాదు. క్లర్కులకు ఆమె తమ పని చేసి వచ్చిన మనిషి అని తెలుస్తుంది. పాత శాఖలో ఎన్ని కోట్ల డిపాజిట్లు తెచ్చానో, ఏ అవార్డు వచ్చిందో చెబితే ఆ మాట వాళ్లకు పోలికలా, పైగా రాబోయే టార్గెట్‌లా వినిపిస్తుంది. ‘ఊరు నాకు కొత్త’ అనడంలో లోపమేమీ లేదు. వృత్తి తెలుసని చెప్పిన వెంటనే స్థలం తెలియదని ఒప్పుకుంటే అది నమ్మదగ్గ మాట అవుతుంది. ఏ పనీ తెలియదన్నట్టు వినయం ఒలకబోస్తే మాత్రం రెండో ప్రశ్నకు సమాధానం దొరకక సిబ్బందిలో కలవరం మొదలవుతుంది.

సొంత జీవితం గురించి ఎంత చెప్పాలన్నదానికి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మంచి ఉదాహరణ. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన రోజు ఆయన ఉద్యోగులందరికీ ఒక లేఖ రాశారు. తాను ఎవరు, ఎందుకు ఇక్కడ ఉన్నాడు, సంస్థ ఎందుకు ఉంది, ఇకపై ఏం చేయాలి అన్న వరసలో ఆ లేఖ సాగుతుంది. వయసు 46, పెళ్లయి 22 ఏళ్లు, ముగ్గురు పిల్లలు అన్న సంగతులు కొద్ది మాటల్లో ముగిశాయి. చదవగలిగినదానికంటే ఎక్కువ పుస్తకాలు కొంటానన్న చిన్న చమత్కారం ఆ తర్వాత వస్తుంది. మిగతా భాగమంతా పని గురించే. అంత పెద్ద పదవిలోనే అంత తక్కువ చాలినప్పుడు తొమ్మిదిమంది శాఖలో అంతకంటే తక్కువ చెప్పినా వెలితి ఉండదు.

పాస్‌వర్డ్ నియమం ఈ పరిచయానికి వెన్నెముక. బ్యాంకు లావాదేవీని ఒకరు నమోదు చేస్తే మరొకరు సరిచూసి ఆమోదించే పద్ధతి ఉంటుంది. రద్దీలో ఒకరే రెండు ఐడీలతో పని కానిస్తే ఆ రక్షణ ఉత్తదైపోతుంది. ఆమె ఆ ఒక్క నియమాన్నే ఎంచుకుంది, కారణం చెప్పింది, తననూ అందులో కలుపుకుంది. పది నియమాలు చదివితే ఏది నిజంగా ముఖ్యమో ఎవరికీ తెలియదు. ‘ఇక్కడ పాస్‌వర్డ్‌లు పంచుకుంటున్నారని విన్నాను’ అంటే మాత్రం అది నిందవుతుంది. అప్పుడు సిబ్బంది నియమాన్ని వదిలేసి చాడీ చెప్పినవాడెవరని వెతుకుతారు.

పొరపాటు, సెలవు, బదిలీ గురించి చెప్పిన మాటల్లో ఆత్మీయతకూ అధికారానికీ మధ్య గీత కనిపిస్తుంది. శాఖ మేనేజర్ సెలవు మంజూరు చేయగలరు, బదిలీ ఆపలేరు. చేయగలిగినదీ, చేయలేనిదీ విడివిడిగా చెప్పినప్పుడు చేస్తానన్న మాటకు విలువ పెరుగుతుంది. మొదటిరోజు ఉత్సాహంలో ‘మీ సమస్యలన్నీ నేను చూసుకుంటాను’ అనే మేనేజర్, మొదటి బదిలీ అర్జీ తిరిగొచ్చిన రోజున ఆత్మీయతనూ అధికారాన్నీ ఒకేసారి పోగొట్టుకుంటారు.

చిక్కైన సందర్భాలు

ముందున్న మేనేజర్ అందరికీ ఇష్టుడైతే ఆయన పేరు ఎత్తకుండా మాట్లాడడం కొరతగా కనిపిస్తుంది. ఆయన చేసిన ఒక పనిని పేర్కొని దాన్ని కొనసాగిస్తానంటే సరిపోతుంది. ఆయనంటే గిట్టనివారే ఎక్కువైనా, మారబోతున్నదేమిటో చెప్పాలి తప్ప ఆయనను విమర్శించకూడదు. వెళ్లినవాడిని అందరి ముందు తప్పుపట్టిన మేనేజర్ రేపు మనల్నీ అలాగే అంటారని వినేవాళ్లు లెక్క వేసుకుంటారు.

వయసులో పెద్దవాడైన అకౌంటెంట్ ఉన్నచోట జాగ్రత్త మరోలా ఉండాలి. ‘ఆయన నాకు అన్నయ్య లాంటివారు’ అని సభలో అనేస్తే అది గౌరవంగానే వినిపిస్తుంది కానీ, ఆయన పని సరిచూడాల్సిన రోజున అడ్డం వస్తుంది. సభకు ముందే ఆయనతో విడిగా మాట్లాడి, చెప్పబోయే నియమాన్ని ముందుగా ఆయన చెవిన వేయడమే నిజమైన మర్యాద. అందరితోపాటు ఆయన కూడా అప్పుడే వింటే, పెద్దరికాన్ని పక్కన పెట్టారని నొచ్చుకోవచ్చు.

అదే శాఖలో నిన్నటిదాకా తోటి ఉద్యోగిగా ఉన్నవారు మేనేజర్ అయితే పరిచయం అక్కర్లేదు. కానీ మారిన సంబంధాన్ని నోరు తెరిచి చెప్పాలి. స్నేహం ఉంటుంది, సెలవులూ పనితీరు నివేదికలూ మాత్రం స్నేహాన్ని బట్టి ఉండవు అని ఒక్కసారి చెబితే చాలు. చెప్పకుండా దాటవేస్తే ప్రతి నిర్ణయంలోనూ పక్షపాతం వెతుకుతారు.

ఫలించిందో లేదో తెలిసేది ఎలా

మాట్లాడిన వెంటనే వచ్చే చప్పట్లు, చిరునవ్వులు దేనికీ కొలత కాదు. మొదటి వారంలోనే రెండు పరీక్షలు వస్తాయి. ఎవరో ఒక చిన్న పొరపాటు పట్టుకొచ్చి చూపిస్తారు. ఆమె కసురుకుంటే ఆ తర్వాత ఎవరూ ఏదీ చెప్పరు. ఇంకెవరో రద్దీ సమయంలో ‘ఈ ఒక్కసారికి మేడమ్’ అని పాస్‌వర్డ్ విషయంలో మినహాయింపు అడుగుతారు. ఆమె సరేనంటే ఆ నియమం అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు ఆమె లేచి వెళ్లి తన ఐడీతో కౌంటర్‌లో కాసేపు ఆమోదం పని చూస్తే నియమం నిలుస్తుంది, వరసా కదులుతుంది.

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతానన్న మాట ఆ వారంలోనే పూర్తి కావాలి. ఒక్కొక్కరికీ పదిహేను నిమిషాలు చాలు. మీ పనిలో ఏది సాఫీగా సాగుతోంది, ఏది అడ్డొస్తోంది, నేను ఏం చేస్తే తేలికవుతుంది అని అడిగి, విన్నది రాసుకోవాలి. వాటిలో ఆమె పరిధిలో ఉన్న ఒక చిన్న పని, పాడైన ప్రింటరో టోకెన్ల ఏర్పాటో, నెల తిరగకముందే జరిగితే మొదటిరోజు చెప్పిన మాటలకు సాక్ష్యం దొరుకుతుంది. జరగనిపక్షంలో, ఎందుకు జరగలేదో ఆమే ముందుగా వచ్చి చెప్పాలి.