రక్తం పలచన మందు సైగల్లో చెప్పాలంటే

గుండెకు కృత్రిమ కవాటం అమర్చిన ఒక బధిర రోగి ఇంటికి బయల్దేరుతున్నాడనుకుందాం. డాక్టరు చెప్పాల్సింది చిన్న మాటే: "వార్ఫరిన్ రోజూ వేసుకోవాలి, రక్తాన్ని పలచన చేస్తుంది." దుబాసీ దీన్ని ఉన్నదున్నట్టు సైగ చేస్తే రక్తంలో నీళ్లు కలిసినట్టు రోగికి తోస్తుంది. నీరసం వస్తుందేమోనని అతను మందు మానేసినా ఆశ్చర్యం లేదు. మానేస్తే కవాటం మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు.

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. అయినా ప్రతి మందుకూ ప్రతి పరీక్షకూ సైగ దొరకదు. దొరికినా, రోగికి అది తెలిసి ఉండాలిగా! రెండు చేతులతో ఇంగ్లిషు అక్షరాలు చూపిస్తే మందు పేరు తెలుస్తుంది గానీ, అది ఏం చేస్తుందో తెలియదు.

అందుకే అనుభవమున్న దుబాసీ ముందు డాక్టర్నే ప్రశ్నిస్తారు: ఈ మందు నిజంగా చేసే పనేమిటి? నిజానికి అది రక్తాన్ని పలచన చేయదు, గడ్డ కట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. ఈ సంగతి తేలాక పని సులువు. ఒక చేయి గొట్టం, రెండో చేతి వేళ్లు పారే రక్తం. వేళ్లు ముడుచుకుని పిడికిలైతే గడ్డ. మాత్ర మింగాక పిడికిలి కట్టకుండా వేళ్లు సాగిపోతాయి. ఆ వెంటనే గాయమైతే రక్తం తొందరగా ఆగదనీ చూపాలి. అప్పుడు రోగి, దుబాసీ కలిసి ఆ మందుకు ఒక తాత్కాలిక సైగ పెట్టుకుంటారు.

ఇక కాగితం. చాలామంది బధిరులకు రాత తెలుగు రెండో భాష. సంజ్ఞా భాషకు వేరే వ్యాకరణం ఉంది. కాబట్టి "మందు వేసుకోకుండా ఉండకూడదు" లాంటి వాక్యం తిరకాసే. "రోజూ రాత్రి 8 గంటలు. 1 మాత్ర" అని రాసి, పక్కన మాత్ర బొమ్మ గీస్తే చాలు. ఐఎన్ఆర్ పరీక్షకు ఒక గీత గీసి, డాక్టరు నిర్ణయించిన హద్దులను, ఉదాహరణకు 2.5 నుంచి 3.5 దాకా, రంగుతో నింపాలి. దానికి దిగువన గడ్డ బొమ్మ, ఎగువన రక్తపు చుక్క. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం కనబడితే ఆసుపత్రికి రావాలని విడిగా రాయాలి.

"అర్థమైందా?" అని అడిగితే మర్యాదకైనా తల ఊపేస్తారు. "నిన్న మాత్ర మర్చిపోయారు, ఇవాళ ఏం చేస్తారు?" అని డాక్టరు రోగినే చూస్తూ అడగాలి. రెండు మాత్రలు కలిపి మింగినట్టు చూపిస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.

తాత్కాలిక సైగ తర్వాత వచ్చే దుబాసీకి తెలియదు. డాక్టర్లూ, దాన్ని రెండు వాక్యాల్లో వర్ణించి కేసు షీట్లో రాసిపెట్టండి.