స్కానింగ్ నార్మల్ అన్నారు, రక్తం మాత్రం ఆగలేదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆమెకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. మూడు నెలలుగా భర్తతో కలిసిన ప్రతిసారీ రక్తం కనిపిస్తోంది. మొదట నెలసరి ముందే వచ్చిందేమో అనుకుంది. తర్వాత ఊళ్లో డాక్టరు రక్తం ఆగడానికి మాత్రలు ఇచ్చాడు. పట్నంలో పొట్ట స్కానింగ్ తీయిస్తే, గర్భసంచి, అండాశయాలు అన్నీ నార్మల్ అని రిపోర్టు వచ్చింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రక్తం మాత్రం కనిపిస్తూనే ఉంది.

ఇంతవరకూ ఆమెను పరీక్షించినవాళ్లెవరూ రక్తం వచ్చే చోటును చూడలేదు. కలయిక తర్వాత వచ్చే రక్తం చాలాసార్లు గర్భసంచి మూతి నుంచి, అంటే యోని లోపలి చివర ఉండే గర్భాశయ ముఖద్వారం నుంచి వస్తుంది. పొట్ట మీద తీసే స్కానింగ్‌లో గర్భసంచి గోడలు, గడ్డలు కనిపిస్తాయి కానీ మూతి పైపొర మీద ఉన్న ఎరుపు, చిన్న కండ, పుండు, తొలిదశ క్యాన్సర్ కనిపించవు. వాటిని కంటితోనే చూడాలి. అందుకు కావలసిందల్లా స్పెక్యులం అనే చిన్న పరికరం, మంచి వెలుతురు, కొద్ది నిమిషాల సమయం.

ఈ పరీక్షంటే భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఏం జరుగుతుందో చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవమంటారు. స్పెక్యులంను మెల్లగా లోపలికి పెట్టి యోని గోడలను కాస్త పక్కకు జరుపుతారు. ఒత్తిడిగా, ఇబ్బందిగా ఉంటుంది, కానీ మామూలుగా పెద్ద నొప్పి ఉండదు. నొప్పి పుడితే ఆపమని చెప్పే హక్కు మీకుంది. పక్కన ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. దీనికంటే ముందు డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. నెలసరి ఆగిపోయిందా, గర్భం ఉండే అవకాశం ఉందా, నెలసరుల మధ్యలో కూడా రక్తం పడుతోందా, వాసనతో తెల్లబట్ట అవుతోందా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని. సిగ్గుపడి దాచిన జవాబు వల్ల దారి తప్పే ప్రమాదం ఉంది.

మన ఉదాహరణలోని ఆమెకు స్పెక్యులం పెట్టి చూస్తే మూతి చుట్టూ ఎర్రగా ఉంది, దూదితో తాకగానే రక్తం చెమ్మ కనిపించింది. మన ఊళ్లలో దీన్నే ‘గర్భసంచికి పుండు’ అంటారు. చాలాసార్లు అది పుండు కాదు. మూతి లోపలి నాళానికి ఉండే పొర చాలా పల్చన, ఒకే వరుస కణాలతో ఉంటుంది. బయటి పొర అనేక వరుసలతో మందంగా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, మాత్రలు వాడేటప్పుడు హార్మోన్ల ప్రభావంతో లోపలి పొర కొంత బయటికి వస్తుంది. ఆ పల్చని పొర కిందే రక్తనాళాలు ఉంటాయి కాబట్టి తాకితే ఎర్రగా చిట్లుతుంది. దీన్ని ఎక్ట్రోపియన్ అంటారు. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారే దశా కాదు.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశంలో ఎక్కువగా కనిపించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. ఎర్రబారిన మూతిని చూపించి ‘వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అని భయపెట్టగా ఆపరేషన్‌కు సిద్ధమైనవాళ్లూ వారిలో ఉన్నారు. కారణం తేల్చకుండా ఆపరేషన్ చేయడం రెండు వైపులా ప్రమాదమే. ఎక్ట్రోపియన్ అయితే ఆ ఆపరేషన్ అవసరమే లేదు. నిజంగానే క్యాన్సర్ అయితే మామూలు గర్భసంచి ఆపరేషన్ సరిపోదు. క్యాన్సర్‌కు ఎంతవరకు పాకిందో ముందే తెలుసుకుని, అందుకు తగిన పెద్ద శస్త్రచికిత్సో, రేడియేషనో ఎంచుకోవాలి.

ఎరుపు కాకుండా వేరేవీ కనిపించవచ్చు. నాళంలోంచి వేలాడే చిన్న మెత్తని కండను పాలిప్ అంటారు. దాన్ని చాలావరకు ఓపీలోనే తీసేసి ల్యాబ్‌కు పంపుతారు. చీముతో కూడిన తెల్లబట్ట ఉంటే ఇన్ఫెక్షన్ పరీక్ష చేస్తారు. లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్ అని తేలితే భర్తకూ కలిపి మందులు వేయాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. నెలసరి ఆగిపోయినవాళ్లలో యోని పొర ఎండి, పల్చబడి చిట్లడం మామూలే. కానీ ఆ వయసులో ఒక్కసారి రక్తం కనిపించినా సరే, పొర ఎండిందిలే అని సరిపెట్టుకోకుండా గర్భసంచి లోపలి పొరను కూడా పరీక్షించాలి. ఇక కాలీఫ్లవర్‌లా ఎగుడుదిగుడుగా పెరిగి, గట్టిగా, ముట్టుకుంటే రక్తం కారే గడ్డ ఉంటే ఆలస్యం లేకుండా అక్కడి నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి.

ఈ గడ్డ ఉన్నప్పుడు పాప్ స్మియర్ చేసి ఫలితం కోసం ఎదురుచూడటం పొరపాటు. స్మియర్ అంటే మూతి మీది కణాలను బ్రష్‌తో తీసి మైక్రోస్కోపు కింద చూడటం. పెరిగిన క్యాన్సర్ పైన రక్తం, చచ్చిన కణాలు, చీము పేరుకుని ఉంటాయి కాబట్టి స్మియర్ నార్మల్ అని రావచ్చు. పోయిన ఏడాది స్మియర్ బాగుందన్న కాగితం ఉన్నా, ఇప్పుడు రక్తం కనిపిస్తుంటే పరీక్ష మళ్లీ చేయించుకోవాల్సిందే.

మరి స్క్రీనింగ్ దేనికి? క్యాన్సర్‌కు ముందు దశ సాధారణంగా రక్తం చూపించదు, కంటికీ ఆనదు. దాన్ని పట్టుకోవడానికే స్క్రీనింగ్. మన దేశ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు 5 ఏళ్లకోసారి వీఐఏ పరీక్ష చేయాలని ఉంది. మూతి మీద 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు వచ్చిన కణాలున్న చోట తెల్లని మచ్చ తేలుతుంది. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ తెల్లబడిన ప్రతిదీ ముందు దశ కాదు, ఇన్ఫెక్షన్ ఉన్నా తెల్లబడవచ్చు. నెలసరి ఆగాక చూడవలసిన భాగం నాళం లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి ఈ పరీక్ష అప్పుడు అంత నమ్మదగింది కాదు. హెచ్‌పీవీ వైరస్ పరీక్ష ఇంకా పక్కాగా పట్టుకుంటుంది. అయితే వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఎక్కువమందిలో అది ఏడాది రెండేళ్లలో తనంతట తానే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయినప్పుడే భయం. వైరస్ ఎప్పుడు సోకిందో చెప్పడం కుదరదు కనుక, ఆ కాగితం పట్టుకుని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోకూడదు.

మన ఉదాహరణకు తిరిగి వస్తే, ఆమెకు వీఐఏలో ఎరుపు పక్కనే తెల్ల మచ్చ తేలింది. కాల్పోస్కోపు అనే భూతద్దపు పరికరంతో ఆ చోటును పెద్దదిగా చూసి, గోధుమ గింజంత ముక్క తీశారు. రిపోర్టులో తీవ్రమైన ముందు దశ అని వచ్చింది, క్యాన్సర్ లేదు. రక్తానికి కారణం ఎరుపు, దానికి తోడైన ఇన్ఫెక్షన్. ముందు దశ వేరే సంగతి, అది రక్తం పుణ్యమా అని బయటపడింది. ఇన్ఫెక్షన్‌కు మందులిచ్చారు. మచ్చ ఉన్న భాగానికి మాత్రం మత్తు సూది ఇచ్చి, విద్యుత్తుతో వేడెక్కే సన్నని తీగతో దాన్ని కోసి తీశారు. గర్భసంచి అలాగే ఉంది, ఆమె అదే రోజు ఇంటికి వెళ్లింది. కోసిన ముక్కను మళ్లీ ల్యాబ్‌కు పంపి, అంచుల దాకా మార్పు ఉందేమో చూస్తారు. తర్వాత కొన్ని వారాలు కలయికకు దూరంగా ఉండమంటారు. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా వెంటనే రమ్మంటారు. 6 నుంచి 12 నెలల్లో మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పరీక్షలు కొనసాగాలి, ఎందుకంటే తీసేసిన మార్పు కొందరిలో తిరిగి వస్తుంది.