డబ్బు చేతికి రాకముందే పన్ను

హైదరాబాద్‌లో ఓ స్టార్టప్ ఉద్యోగికి షేరు 10 రూపాయల చొప్పున 1,000 ఆప్షన్లు ఉన్నాయనుకుందాం. మర్చంట్ బ్యాంకర్ లెక్క ప్రకారం ఇప్పుడు షేరు విలువ 210. ఈరోజే కొంటే, తేడా 2 లక్షలు జీతంలో కలుస్తుంది. 30 శాతం శ్లాబులో సెస్‌తో పన్ను 62,400. షేరు అమ్మకపోయినా, టీడీఎస్ జీతంలోంచే పోతుంది. (అర్హత ధ్రువీకరణ ఉన్న కొన్ని స్టార్టప్‌లలోనే ఇది వాయిదా పడుతుంది.)

మరి ముందే ఎందుకు కొనడం? లిస్టుకాని షేరును 24 నెలలు దాటి ఉంచుకుని 400కు అమ్మితే, పెరిగిన 190పై పన్ను పన్నెండున్నర శాతమే. మొత్తం పన్ను సెస్‌తో 87,100. ఆగి, 400 ఉన్నప్పుడు కొని వెంటనే అమ్మితే 1,21,680.

కానీ షేరు 50కి పడితే? కట్టిన 62,400 వెనక్కి రాదు, ఆ నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేసుకోవడమూ కుదరదు. కాబట్టి విలువ కొనుగోలు ధరకు దగ్గరగా ఉన్నప్పుడే ముందు కొనడం మేలు. తేడా పెరిగిపోయాక, కొనేవాడు కనపడేదాకా ఆగడమే నయం. అయితే ఉద్యోగం మానేస్తే గడువెంతో ఒప్పందంలో చూసుకోవాలి. చాలాచోట్ల అది కొద్ది నెలలే.