రామదాసు చెరకు వెళ్లినది ఏ సంవత్సరంలో?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి శ్రీరామనవమికి భద్రాద్రికి బయలుదేరే భక్త బృందాలలో, ప్రయాణ కాలక్షేపానికి ఎవరో ఒకరు రామదాసు చరిత్ర పుస్తకం తీసి చదవడం, పిల్లలను ప్రశ్నలడగడం పరిపాటి. ఒకమారు మా బృందంలో “రామదాసు చెరకు వెళ్లినది ఏ సంవత్సరంలో?” అన్న ప్రశ్న వచ్చింది. ఒక బాలుడు తడుముకోకుండా 1672 అన్నాడు. పక్కనున్న బాలిక, ఆ సంవత్సరం తానీషా సింహాసనమెక్కినదే కాని చెరకు సంబంధించినది కాదని అడ్డుచెప్పింది. ఇద్దరూ చదివినది ఒకే పుట. ఆ పుటను కాలక్రమంలో పరిచి చూస్తేనే తేడా తెలిసింది.

ఆ ఘట్టం విడుదలతో మొదలవుతుంది. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషాకు బాకీ సొమ్ము చెల్లిస్తారు. అప్పటికి గోపన్న పన్నెండేండ్లుగా గోల్కొండ చెరలో ఉన్నాడని రచయిత చెబుతాడు. ఆ తరువాత కథ వెనుకకు నడిచి, గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు కావడం, పన్నుసొమ్ముతో భద్రగిరిపై ఆలయం కట్టించడం, ఆ సంగతి గోల్కొండకు చేరడం వివరిస్తుంది. జీవిత చరిత్రలు తరచుగా ఇలాగే రసవత్తరమైన చోట ప్రారంభమవుతాయి. కనుక పుటలో ముందు కనిపించినది ముందు జరిగినదని భావించరాదు. “అప్పటికే”, “అంతకుమునుపు”, “తరువాత” అన్న మాటల కింద గీత గీయడం మొదటి పని. సంఘటనల అసలు వరుసను పట్టి ఇచ్చేవి ఆ మాటలే.

మేము ఒక కాగితంపై అడ్డంగా గీత గీసి, నిశ్చితమైన సంవత్సరాలను మాత్రమే మొదట సిరాతో వేశాము. తానీషా రాజ్యానికి వచ్చినది 1672. ఔరంగజేబు గోల్కొండను వశపరచుకొని తానీషాను బందీ చేసినది 1687. ఈ రెండూ రాజ్యచరిత్రకు చెందిన సంవత్సరాలు. రామదాసు కథను ఏ విధంగా చెప్పినా ఇవి కదలవు. మిగిలిన సంఘటనలను పెన్సిలుతో, వరుస మాత్రం తప్పకుండా, వీటి మధ్య ఉంచాము: తహసీలు, ఆలయం, చెర, విడుదల.

ఇక పన్నెండేండ్ల కొలత. విడుదల చేసినవాడు తానీషాయే అయితే, అది 1687లో అతని ప్రభుత్వం కూలకమునుపే జరిగి ఉండాలి. అక్కడి నుండి పన్నెండు వెనుకకు లెక్కించగా 1675 వస్తుంది. అంటే చెరవాసం ఎంత ఆలస్యంగా మొదలైనా 1675ను దాటరాదు. తానీషా కాలంలోనే మొదలైతే 1672 కంటె ముందుకూ పోరాదు. అందుచేత ఆ పుటను బట్టి సరియైన సమాధానం ఒక సంవత్సరం కాదు. “1672, 1675 మధ్య” అని చెప్పడమే.

అయితే ఆ మూడేండ్లలో ఎన్ని ఇమడాలో చూడండి. తానీషా పట్టాభిషేకం తరువాతనే గోపన్నకు ఉద్యోగం వచ్చిందనుకుంటే, పన్ను వసూలు, ఆలయ నిర్మాణం, ఫిర్యాదు, శిక్ష అన్నీ అందులోనే జరగాలి. పైగా ఆ పుస్తకం “మంత్రి మాదన్న” సిఫారసుతో ఉద్యోగం వచ్చిందంటుంది. మాదన్న ప్రధాని అయినది 1674 ప్రాంతంలో. అప్పుడు ఆలయానికి మిగిలేది సుమారు ఒక్క సంవత్సరమే! గీతపై ఇలా గుర్తులు ఒకదానిపై ఒకటి పడినప్పుడు, ఏ మాట వల్ల ఇరుకు ఏర్పడిందో వెదకాలి. ఇక్కడ నా అనుమానం “మంత్రి” అన్న బిరుదు మీద. మాదన్న అంతకుముందే గోల్కొండ కొలువులో ఉన్నాడు. తరువాత వచ్చిన పదవితో మునుపటి మనిషిని పేర్కొనడం చరిత్రకారులకు అలవాటే. తాతగారు అయిదవ తరగతి చదివిన రోజులను చెబుతూ “హెడ్మాస్టరుగారు చిన్నప్పుడు” అంటాము కదా!

ఇంతకంటె పెద్ద చిక్కు పుస్తకం మొదటి పుటలో ఉంది. అక్కడ రామదాసు జీవితకాలం 1620–1680 అని అచ్చయింది. ఈ సంవత్సరాలు చాలా చోట్ల కనిపిస్తాయి. తానీషా చెరలో వేసిన కాలం 1672 కంటె ముందుది కాజాలదు; దానికి పన్నెండు కలిపితే 1684. అంటే విడుదలకు నాలుగేండ్ల ముందే మరణం! ఈ మూడు మాటలూ ఒకేసారి నిలువవు. మరణ సంవత్సరం తప్పు కావచ్చు, పన్నెండేండ్ల లెక్క తప్పు కావచ్చు, లేదా చెర తానీషాకు ముందటి అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలోనే మొదలై తానీషా కాలంలో ముగిసి ఉండవచ్చు. ఈ మూడవ మార్గం పట్టినచో 1680కి ముందే విడుదల సాధ్యమవుతుంది, మాదన్నకు ఇంకా మంత్రిపదవి రాని రోజులలో గోపన్నకు ఉద్యోగం వచ్చిందన్నదీ పొసగుతుంది. కాని చెరవేయించినవాడూ తానీషాయే అన్న ప్రసిద్ధమైన కథను వదులుకోవలసి వస్తుంది.

వీటిలో ఏది నిజమో ఆ పుట ఒక్కటే తేల్చలేదు. ఆలయం ముందా, చెర ముందా అని అడిగితే మాత్రం మూడు మార్గాలలోనూ సమాధానం ఒక్కటే: ఆలయమే ముందు. బాలుడు తన 1672ను కొట్టివేసి, దాని స్థానంలో “1675 దాటలేదు, చెరలో వేసినవాడు, విడిపించినవాడు తానీషాయే అయితే” అని వ్రాశాడు. భద్రాచలం చేరేసరికి బాలిక మరణ సంవత్సరం పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంచింది.