పేరుకే ‘టెస్ట్’, తిరిగేది నిజం మోటారే

సిమెంటు కర్మాగారంలో కిల్న్‌ను మధ్యలో ఆపడానికి ఎవరూ ఇష్టపడరు. లోపల సరుకు దాదాపు 1,450 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ వేడి మీద కిల్న్ తిరగకుండా నిలబడిపోతే దాని ఇనుప గొట్టం తన బరువుకే వంగిపోతుంది. అందుకే ఏదైనా చిన్న మార్పు చేయాల్సి వస్తే, “ఆపకుండానే మార్చేయలేమా?” అని యాజమాన్యం అడుగుతుంది. మార్చవచ్చు. ఆ పనినే ఆన్‌లైన్ ఎడిటింగ్ అంటారు.

ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరే పీఎల్‌సీ. బటన్లు, సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాలు చదవడం, లోపలి ప్రోగ్రామును పై నుంచి కింద దాకా చూడడం, మోటార్లకూ వాల్వులకూ ఆదేశాలు పంపడం దాని పని. ఈ చుట్టును స్కాన్ అంటారు. సెకనులో ఇలాంటి స్కాన్లు పదులు, వందలు జరుగుతాయి. ప్రోగ్రామును నిచ్చెన ఆకారంలో రాస్తారు. ఒక్కో మెట్టు ఒక్కో నిబంధన: ఎడమ వైపు షరతు, కుడి వైపు ఫలితం. ఆన్‌లైన్ ఎడిటింగ్‌లో ఈ చుట్టు తిరుగుతుండగానే ఒక మెట్టు తీసి మరో మెట్టు పెడతారు.

మన పరిశ్రమల్లో బాగా కనిపించే అలెన్ బ్రాడ్లీ లాజిక్స్ పీఎల్‌సీల్లో ఈ పని అంచెలంచెలుగా సాగుతుంది. ఇంజనీరు ముందుగా ల్యాప్‌టాప్‌లో కొత్త మెట్టు రాస్తాడు. దాన్ని `Accept` చేయగానే అది పీఎల్‌సీ మెమరీలోకి చేరుతుంది, కానీ ఇంకా పని మొదలుపెట్టదు. `Test Accepted Program Edits` నొక్కితే పాత మెట్టు పక్కకు తప్పుకుని కొత్తది నడుస్తుంది. నచ్చకపోతే `Untest` నొక్కి పాతదానికి వెనక్కి రావచ్చు. నచ్చితే `Assemble` నొక్కితే పాత మెట్టు శాశ్వతంగా చెరిగిపోతుంది.

అసలు చిక్కంతా ‘టెస్ట్’ అన్న మాటలోనే ఉంది. ఆ మాట వినగానే ఇదేదో తమాషాకి చేసే ట్రయల్ అనీ, యంత్రానికి ఏమీ కాదనీ కొత్తవాళ్లు అనుకుంటారు. అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది. అదే పీఎల్‌సీలో రిమోట్ టెస్ట్ అనే మోడ్ వేరే ఉంది. అందులో ప్రోగ్రాము నడుస్తుంది గానీ, దాని ఆదేశాలు మోటార్ల దాకా వెళ్లవు. అవుట్‌పుట్లన్నీ ముందే సెట్ చేసి పెట్టిన స్థితికి వెళతాయి. మామూలుగా అయితే ఆఫ్ అవుతాయి. అంటే నడుస్తున్న లైనును ఆ మోడ్‌లోకి మారిస్తే లైను ఆగిపోతుంది. ఎడిట్లను టెస్ట్ చేయడం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ కొత్త మెట్టు నిజం మోటారునే నడుపుతుంది. రెండింటికీ ‘టెస్ట్’ అనే పేరు. ఒకటి అవుట్‌పుట్లను వదిలేస్తుంది, రెండోది వాటినే పట్టుకుని నడుపుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అట్టపెట్టెలు మోసే కన్వేయర్ ఒకటి ఉంది. దాని మోటారు పీఎల్‌సీ అవుట్‌పుట్ కార్డులో 4వ పాయింటుకు కలిపి ఉంది. ఆ పాయింటు సరిగా లేదనిపించి, టెక్నీషియన్ దాన్ని ఖాళీగా ఉన్న 7వ పాయింటుకు మార్చాలనుకున్నాడు. వైరు మధ్యాహ్నం మారుద్దాం, ప్రోగ్రాము ఇప్పుడే మార్చి పెట్టుకుందాం అనుకుని, కన్వేయర్ నడుస్తుండగా ఈ మెట్టును మార్చాడు:

```
ముందు:   XIC(Conv3_Cmd)OTE(Local:2:O.Data.4);
తర్వాత:  XIC(Conv3_Cmd)OTE(Local:2:O.Data.7);
```

‘నడవాలి’ అన్న ఆదేశం ఉంటే అవుట్‌పుట్ ఆన్ చెయ్యి, లేకపోతే ఆఫ్ చెయ్యి అని దీని అర్థం. చూడడానికి మారింది ఒక్క అంకె. `Test` నొక్కాడు. కన్వేయర్ మామూలుగానే తిరుగుతోంది. అంతా బాగుందనుకున్నాడు.

కొంతసేపటికి పెట్టె ఒకటి అడ్డం తిరిగింది. ఆపరేటర్ స్టాప్ బటన్ నొక్కాడు. కన్వేయర్ ఆగలేదు.

కారణం ఇది. 4వ పాయింటుకు ‘1’ రాసేదీ, ‘0’ రాసేదీ ఆ పాత మెట్టు ఒక్కటే. టెస్ట్ నొక్కిన క్షణంలో ఆ మెట్టు తప్పుకుంది, కానీ అప్పటికే రాసిపెట్టిన ‘1’ మెమరీలో అలాగే మిగిలిపోయింది. దాన్ని చెరిపేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. స్టాప్ నొక్కితే కొత్త మెట్టు 7వ పాయింటును ఆఫ్ చేస్తుంది. వైరు మాత్రం ఇంకా 4లోనే ఉంది. మెట్టు తీసేస్తే దాని ఫలితం కూడా పోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పోదు. చివరిసారి ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే ఉండిపోతుంది.

`Untest` నొక్కితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నొక్కగానే పాత మెట్టు తిరిగి వచ్చి 4వ పాయింటును అదుపులోకి తీసుకుంటుంది, నిజమే. కానీ కన్వేయర్‌కు ఆదేశం ఉన్న సమయంలో వెనక్కి వస్తే, ఈసారి 7వ పాయింటులో ‘1’ మిగిలిపోతుంది. ఆ పాయింటుకు వైరు లేదు కాబట్టి ఎవరికీ కనిపించదు. మధ్యాహ్నం ఎవరో బ్రేకర్ ఆఫ్ చేసి, వైరు తీసి 7కు బిగించి, బ్రేకర్ ఆన్ చేస్తారు. ఎవరూ స్టార్ట్ నొక్కకుండానే మోటారు తిరగడం మొదలవుతుంది. అన్‌టెస్ట్ ప్రోగ్రామును వెనక్కి తెస్తుందే గానీ, యంత్రాన్నీ మెమరీలోని విలువలనూ వెనక్కి తేలేదు.

ఎమర్జెన్సీ స్టాప్‌ను పీఎల్‌సీ ప్రోగ్రాము మీద ఆధారపడకుండా, నేరుగా సేఫ్టీ రిలే ద్వారా మోటారు కాంటాక్టర్ సరఫరాను తెంచేలా వైరింగ్ చేయడం ఇందుకే. ప్రోగ్రాములో ఎవరు ఏ అంకె మార్చినా ఆ ఎర్ర బటన్ పని చేసి తీరాలి.

ఇదే మార్పును సరైన పద్ధతిలో చేస్తే ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముందుగా కన్వేయర్‌ను ఆపి, ఆదేశం ‘0’ అయిందని తెర మీద చూడాలి. 4, 7 రెండు పాయింట్లనూ క్రాస్ రిఫరెన్సులో వెతికి, ప్రోగ్రాములో ఇంకెక్కడ వాడారో తెలుసుకోవాలి. మోటారు సరఫరా తెంచి, తాళం వేసి, వైరు మార్చాలి. మెట్టు మార్చి టెస్ట్ నొక్కాక రెండు పాయింట్లూ ‘0’లో ఉన్నాయో లేదో చూడాలి. ఆ తర్వాతే సరఫరా ఇచ్చి, ఒక మనిషిని కన్వేయర్ పక్కన నిలబెట్టి, ముందు స్టార్టూ వెంటనే స్టాపూ నొక్కించాలి. స్టార్ట్ పని చేస్తే సంతోషపడి వెళ్లిపోతారు చాలామంది. పరీక్షించాల్సింది స్టాప్‌ను.

పని అంతటితో అయిపోలేదు. మార్పు పీఎల్‌సీలో ఉంది. దాన్ని ల్యాప్‌టాప్ ఫైలులోనూ సేవ్ చేసి, ఆ ఫైలును అందరూ వాడే చోట పెట్టాలి. లేకపోతే ఆరు నెలల తర్వాత మరొకరు వచ్చి పాత ఫైలును డౌన్‌లోడ్ చేస్తారు. వైరు 7లో ఉంటుంది, ప్రోగ్రాము మళ్లీ 4 అంటుంది. మెమరీ కార్డు ఉన్న పీఎల్‌సీల్లో ఇంకో సంగతి: కరెంటు వచ్చిన ప్రతిసారీ కార్డులోంచి ప్రోగ్రామును ఎక్కించుకునేలా సెట్ చేసి ఉంటే, కార్డును కూడా కొత్తగా రాయాలి. లేదంటే ఒక్కసారి కరెంటు పోయి వస్తే చాలు, మీ మార్పు మాయమవుతుంది.

పీఎల్‌సీ ముందు భాగాన చిన్న తాళంచెవి ఉంటుంది. దాన్ని `RUN` వైపు తిప్పి తీసేస్తే ల్యాప్‌టాప్ నుంచి ఎవరూ ఆన్‌లైన్ ఎడిట్ చేయలేరు. `REM` స్థానంలో ఉంటే చేయగలరు. చాలా ప్యానెళ్లలో ఆ చెవి ఏళ్ల తరబడి `REM`లోనే, తీయకుండా వేలాడుతూ ఉంటుంది. మీ ఫ్యాక్టరీలో అది ఎటు తిరిగి ఉందో రేపు డ్యూటీకి వెళ్లగానే ఒకసారి చూడండి.